కేఎల్ డైవర్జెన్స్: పదే పదే వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్న జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఈ విషయమే. ఫార్ములా అందరికీ వచ్చు. "ఎడమవైపు ఏది రాయాలి, కుడివైపు ఏది" అనగానే మాత్రం తడబడతారు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఇక్కడ పెట్టేశాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చేవి

కేఎల్ డైవర్జెన్స్ అంటే ఒక్క ముక్కలో ఏంటి?

లోకంలో సంగతులు P అనే డిస్ట్రిబ్యూషన్ ప్రకారం జరుగుతున్నాయి, మీరేమో Q ప్రకారం జరుగుతాయని నమ్ముతున్నారు అనుకోండి. జరిగిన ప్రతి సంగతి దగ్గరా ఆగి "దీనికి P ఎంత ప్రాబబిలిటీ ఇచ్చింది, Q ఎంత ఇచ్చింది" అని నిష్పత్తి కట్టి, దానికి లాగ్ తీసి, చివరికి అన్నిటికీ సగటు తీస్తే వచ్చేదే కేఎల్.

KL(P‖Q) = Σ P(x) · log( P(x) / Q(x) )

ఇందులో నిజంగా పట్టుకోవాల్సింది ముందున్న ఆ P(x). సగటు తీస్తున్నది P. అంటే ఏ x తరచుగా వస్తుంది, ఏది అసలు రాదు అన్నది P నిర్ణయిస్తుంది, Q కి అందులో మాట లేదు. P ఎప్పుడూ వెళ్లని చోట Q ఎంత పిచ్చిగా ఉన్నా ఈ లెక్కలోకి నేరుగా రాదు. ఎడమవైపున్నది శాంపిళ్లు తీస్తుంది, కుడివైపున్నది పరీక్ష రాస్తుంది అని గుర్తుపెట్టుకోండి, నేనైతే ఇప్పటికీ అలాగే గుర్తుపెట్టుకుంటాను.

లాగ్ ఎందుకు? జవాబు ఏ యూనిట్లలో వస్తుంది?

ఒకదానితో ఒకటి సంబంధం లేని పది పరిశీలనలు ఉంటే ప్రాబబిలిటీలు గుణించుకుంటాయి, లాగ్ తీస్తే అవి కూడికలవుతాయి. కాబట్టి ఒక్క పరిశీలనకి కేఎల్ 0.3 అయితే పదింటికి 3. లాగ్ బేస్ 2 అయితే యూనిట్ బిట్లు, సహజ లాగ్ అయితే నాట్లు, ఒక నాట్ సుమారు 1.44 బిట్లు.

బిట్ల లెక్క టీ కొట్టుతో చెప్తాను. టీ, కాఫీ, పాలు, లెమన్ టీ అని నాలుగు ఆర్డర్లు, వాటి వాటాలు 1/2, 1/4, 1/8, 1/8. వాటా తెలిసినవాడు టీకి 1 బిట్, కాఫీకి 2, మిగతా రెంటికీ మూడేసి బిట్ల కోడ్ పెట్టుకుంటాడు, ఆర్డరుకి సగటున 1.75 బిట్లు పడతాయి. తెలియనివాడు నాలుగూ సమానమే అనుకుని అన్నిటికీ 2 బిట్లు పెడతాడు. తేడా 0.25 బిట్, అదే కేఎల్. తప్పుడు అంచనాతో ఉన్నందుకు ఆర్డర్ ఆర్డరుకీ కడుతున్న జరిమానా అది.

అన్నట్టు, ఇదే ఉదాహరణతో "చూడండి, రెండు వైపులా వేరే జవాబులు వస్తాయి" అని ఒకసారి బోర్డు మీద మొదలుపెట్టి పరువు పోగొట్టుకున్నాను. P, Q లు తిరగేసినా 0.25 బిట్టే వస్తుంది, యాదృచ్ఛికంగా. మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు వేరే అంకెలు తీసుకోండి.

కేఎల్ నెగెటివ్ రాదంటారు, మరి కొన్ని టర్ములు నెగెటివ్ వస్తున్నాయేంటి?

విడి టర్ములు నెగెటివ్ రావచ్చు. ఏ x కైతే Q ఇచ్చింది P కంటే ఎక్కువో అక్కడ నిష్పత్తి 1 కంటే తక్కువ, దాని లాగ్ నెగెటివ్. కానీ Q మొత్తం కూడా 1 దాటకూడదు కదా, ఒకచోట ఎక్కువ ఇస్తే ఇంకోచోట కోత పెట్టాల్సిందే, ఆ కోత పడిన చోట లాగ్ చేసే నష్టం ఈ లాభాన్ని మించే ఉంటుంది. log t ≤ t − 1 అన్న ఒక్క అసమానతతో దీన్ని రెండు లైన్లలో నిరూపించొచ్చు. మొత్తం సున్నా అయ్యేది P, Q రెండూ ఒకటే అయినప్పుడు మాత్రమే.

దూరం అనొచ్చా?

అనకపోవడమే మంచిది. దూరానికి అటూ ఇటూ ఒకటే ఉండాలి, పైగా మధ్యలో ఇంకో ఊరు మీదుగా వెళ్తే దారి తగ్గకూడదు. కేఎల్ ఈ రెండు నియమాలనీ పాటించదు. 1951 లో కల్‌బ్యాక్, లీబ్లర్ రాసిన పేపరులో తమాషా ఏంటంటే, వాళ్లు "డైవర్జెన్స్" అన్నది రెండు దిక్కులనీ కలిపిన మొత్తాన్ని, అంటే సిమెట్రిక్‌గా ఉండేదాన్ని. ఇవాళ మనం ఆ పేరుతో పిలుస్తున్నది అందులో సగాన్ని.

## ఎటు నుంచి ఎటు అన్న గొడవ

P, Q లు తిరగేస్తే జవాబు ఎందుకు మారుతుంది? అదే రెండు డిస్ట్రిబ్యూషన్లు కదా?

వాన ఉదాహరణ తీసుకుందాం. ఒక మోడల్ వాన ప్రాబబిలిటీ 0.5 అంటుంది, ఇంకోటి 0.01 అంటుంది.

నిజం 0.5, మీ నమ్మకం 0.01 అనుకోండి. రెండు రోజులకోసారి వాన పడుతుంది, పడిన ప్రతిసారీ మీకు ln(0.5/0.01), అంటే 3.91 నాట్ల దెబ్బ. పడని రోజుల్లో కొంచెం తిరిగి వస్తుంది, సగటు 1.61.

ఇప్పుడు నిజం 0.01, మీ నమ్మకం 0.5. దాదాపు ప్రతిరోజూ ఎండే, ప్రతిరోజూ ln(0.99/0.5), అంటే 0.68 దెబ్బ. వాన పడ్డ అరుదైన రోజు మీకే లాభం. సగటు 0.64.

రెండు తప్పులూ ఒకేరకం కావు కాబట్టే అంకెలు వేరుగా వచ్చాయి. "ఇది జరగనే జరగదు" అని తెగేసి చెప్పి తరచూ దొరికిపోవడం ఒకటి, "ఏమో, ఏదైనా కావచ్చు" అని నసుగుతూ కూర్చోవడం ఇంకొకటి. మొదటిదానికి శిక్ష ఎక్కువ. మీ నమ్మకం 0.01 నుంచి సున్నాకి జారితే, వాన నిజంగా పడే లోకంలో కేఎల్ అనంతం అయిపోతుంది.

ఫార్వర్డ్ అంటే "పరుచుకుంటుంది", రివర్స్ అంటే "ఒకదాన్ని పట్టుకుంటుంది" అంటారు. అంకెలతో చూపిస్తారా?

చూపిస్తా. ఇది ఒక్కసారి చేతితో చేస్తే మళ్లీ మర్చిపోరు. టీ కొట్టుకి జనం వచ్చే సమయం P అనుకోండి: పొద్దున 8 చుట్టూ ఒక గుట్ట, సాయంత్రం 5 చుట్టూ (అంటే 17 గంటలు) ఇంకో గుట్ట. సగం జనం అటు, సగం ఇటు, రెండు గుట్టలకీ స్టాండర్డ్ డీవియేషన్ 1 గంట. దీనికి ఒకే ఒక్క గాసియన్ Q ని తొడగాలి. సరిగ్గా పట్టదని ముందే తెలుసు, ఎలా తప్పుతుందన్నదే ప్రశ్న.

ఫార్వర్డ్, అంటే KL(P‖Q) తగ్గించాలంటే గాసియన్ సగటు, వేరియన్స్ P వాటితో సరిపోవాలి. సగటు 12.5. వేరియన్స్ 1 + 4.5² = 21.25, అంటే డీవియేషన్ 4.6 గంటలు. ఫలితంగా Q ప్రకారం అన్నిటికంటే రద్దీ మధ్యాహ్నం పన్నెండున్నరకి, నిజానికి అప్పుడు కొట్టు దగ్గర ఈగ కూడా ఉండదు. అయినా P కి ఫిర్యాదు లేదు, ఎందుకంటే శాంపిళ్లు తీసేది P, అది మధ్యాహ్నం వైపు తొంగి చూడదు. దాని శాంపిళ్లు వచ్చే రెండు చోట్లా Q ఎంతో కొంత ఇచ్చింది, అది చాలు.

రివర్స్, అంటే KL(Q‖P) లో శాంపిళ్లు తీసేది Q. అది మధ్యాహ్నం శాంపిల్ తీస్తే అక్కడ P దాదాపు సున్నా, భారీ దెబ్బ. అందుకని Q ఒక గుట్ట మీదకి ముడుచుకుంటుంది, 8 చుట్టూ 1 గంట అనుకోండి. సాయంత్రం గుట్ట మొత్తం వదిలేసినందుకు పడే శిక్ష ln 2, అంటే 0.69 మాత్రమే.

నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. వెడల్పాటి గాసియన్‌కి ఫార్వర్డ్ 0.84, రివర్స్ సుమారు 2.85. ఇరుకుదానికి ఫార్వర్డ్ 19.6, రివర్స్ 0.69. ఫార్వర్డ్ దృష్టిలో ఇరుకుది ఘోరం, రివర్స్ దృష్టిలో అదే బెస్ట్. ఇక రివర్స్‌లో Q పొద్దున గుట్ట మీద కూర్చుంటుందా సాయంత్రం గుట్ట మీదా అన్నది ట్రైనింగ్ ఎక్కడ మొదలుపెట్టారన్న దాని మీద ఉంటుంది. సీడ్ మార్చి రెండు మూడు సార్లు నడిపి, ప్రతిసారీ వేరే జవాబు వస్తుంటే మీ అసలు డిస్ట్రిబ్యూషన్‌కి ఒకటి కంటే ఎక్కువ గుట్టలు ఉండొచ్చని అనుమానించాలి.

ఈ తేడా ఎప్పుడూ ఇంత పెద్దగా ఉంటుందా?

లేదు. P, Q దగ్గరగా ఉంటే రెండు దిక్కులూ దాదాపు ఒకటే. నాణెం 0.50 కి, 0.55 కి మధ్య ఒకవైపు 0.00503, మరోవైపు 0.00501 నాట్లు. దగ్గర్లో కేఎల్ తేడా వర్గంలాగా పెరుగుతుంది, ఆ వర్గం ముందుండే గుణకం నుంచే ఫిషర్ ఇన్ఫర్మేషన్ వస్తుంది. కాబట్టి మోడల్ నిజంగా P ని అందుకోగలిగేంత శక్తివంతమైనదైతే ఏ దిక్కు తీసుకున్నా చివరికి చేరేది ఒకే చోటికి. మోడల్‌కి ఆ శక్తి లేనప్పుడే దిక్కు ఎంపిక ముఖ్యమవుతుంది, అసలు పనుల్లో ఎక్కువసార్లు జరిగేది అదే.

## వేరియేషనల్ పద్ధతుల దగ్గర

వేరియేషనల్ ఇన్ఫరెన్స్‌లో రివర్స్ దిక్కే ఎందుకు వాడతారు? అదే మంచిదనా?

మంచిదని కాదు, చేయగలిగేది అదే కనుక. మనకి కావాల్సింది p(z|x), డేటా చూశాక దాగున్న z గురించి ఏం చెప్పొచ్చు అన్నది. దాని హారంలో ఉన్న p(x) లెక్కకి అందదు. ఫార్వర్డ్ కావాలంటే p(z|x) నుంచి శాంపిళ్లు తీయాలి, అది చేతనైతే ఇంత తంటా దేనికి. రివర్స్‌లో శాంపిళ్లు తీసేది మన q(z), దాన్ని మనమే కట్టుకున్నాం, సులువు. ఇక మిగిలేది log p(z|x). దాన్ని log p(x, z) − log p(x) అని రాస్తే, ఆ అందని ముక్క z మీద ఆధారపడదు, స్థిరాంకంలా బయటికి వచ్చేస్తుంది.

log p(x) = ELBO + KL( q(z) ‖ p(z|x) )

ఇందులో ELBO, అంటే ఎల్బో, log p(x) కి మనం లెక్కించగలిగే కింది హద్దు. ఎడమవైపున్నది q తో కదలదు. కాబట్టి ఎల్బో పెంచితే ఆ కేఎల్ తగ్గినట్టే, కేఎల్‌ని ఎప్పుడూ నేరుగా లెక్కించకుండానే.

మీన్-ఫీల్డ్ వాడితే ఎర్రర్ బార్లు అనుమానంగా సన్నగా వస్తున్నాయి. బగ్గా?

చాలాసార్లు బగ్ కాదు, రివర్స్ కేఎల్ స్వభావమే అది. రెండు వేరియబుల్స్, రెంటికీ వేరియన్స్ 1, కోరిలేషన్ 0.9 అనుకోండి. అసలు ఆకారం ఏటవాలుగా సాగిన సన్నటి కోడిగుడ్డు. మీన్-ఫీల్డ్ q రెండు వేరియబుల్స్‌కీ సంబంధం లేదనుకుంటుంది కాబట్టి ఆ వాలుగా సాగలేదు, బయటికి పొడుచుకొస్తే P దాదాపు సున్నాగా ఉన్న చోట దెబ్బ తినాలి, అందుకని గుడ్డు లోపల ఇమిడేంత చిన్న వృత్తం అయిపోతుంది. ఒక్కోదానికీ వచ్చే వేరియన్స్ 1 − 0.9² = 0.19. డీవియేషన్ 1 ఉండాల్సింది 0.44 అయింది. సగటు మాత్రం కరెక్టుగానే వస్తుంది, అందుకే చాలామంది గమనించరు. అనుమానం ఉంటే చిన్న డేటా ముక్క మీద ఎంసీఎంసీ నడిపి డీవియేషన్లు పోల్చి చూడండి, సగానికి సగం తేడా ఉంటే కారణం ఇదే అయ్యుండొచ్చు.

వేరియేషనల్ ఆటోఎన్‌కోడర్, అంటే వీఏఈ, లాస్‌లో ఉన్న కేఎల్, ఎల్బో థియరీలో ఉన్న కేఎల్ ఒకటేనా?

కాదు, ఇక్కడ దాదాపు అందరూ పొరబడతారు. కింగ్మా, వెల్లింగ్ 2013 లో పెట్టిన వీఏఈలో లాస్‌లో కనపడేది KL(q(z|x)‖p(z)), అంటే ఎన్‌కోడర్ ఇచ్చినదానికీ డేటా చూడకముందున్న ప్రయర్‌కీ మధ్యది. థియరీలో log p(x) కీ ఎల్బోకీ మధ్య ఉండే ఖాళీ గురించి చెప్పేది KL(q(z|x)‖p(z|x)), అసలు పోస్టీరియర్‌తో. ఇది స్క్రీన్ మీద ఎప్పుడూ కనపడదు. రెండో దాన్ని సున్నా చేయాలనుకుంటాం. మొదటిది సున్నా అయితే మాత్రం కొంప మునిగినట్టే, ఎన్‌కోడర్ x ని పట్టించుకోవడం మానేసిందని అర్థం.

ప్రయర్ N(0, 1) అయితే మొదటిదానికి శాంపిళ్లు కూడా అక్కర్లేదు, ఒక్కో డైమెన్షన్‌కీ ½(μ² + σ² − 1 − ln σ²). ఎన్‌కోడర్ μ = 1, σ = 0.5 ఇస్తే 0.82 నాట్లు. μ = 0, σ = 1 ఇస్తే సున్నా.

వీఏఈ ట్రైన్ చేస్తుంటే కేఎల్ సున్నాకి పడిపోయింది, బొమ్మలన్నీ ఒకేలా మసగ్గా వస్తున్నాయి. ఏం చేయాలి?

ముందు లాస్‌లో కూడికలు చూడండి. నేను రెండు రోజులు తల బాదుకున్న తప్పు ఇదే: బొమ్మ ఎర్రర్‌కి పిక్సెళ్ల మీద `mean` తీసి, కేఎల్‌కి మాత్రం డైమెన్షన్ల మీద `sum` తీశాను. 28×28 బొమ్మలో 784 పిక్సెళ్లు, అంటే నాకు తెలియకుండానే కేఎల్‌ని 784 రెట్లు బరువెక్కించాను. అంత బరువుకి ఎన్‌కోడర్ చేతులెత్తేసి ప్రతి బొమ్మకీ N(0, 1) ఇచ్చేసింది. రెండిటికీ `sum` తీసి, బ్యాచ్ మీద మాత్రం సగటు తీస్తే సరిపోయింది.

```python
recon = F.binary_cross_entropy(x_hat, x, reduction="sum") / x.size(0)
kl_d = 0.5 * (mu**2 + logvar.exp() - 1 - logvar)
kl = kl_d.sum(dim=1).mean()
loss = recon + kl
print(kl_d.mean(dim=0))
```

చివరి లైను ముఖ్యం. మొత్తం కేఎల్ ఒక్క అంకెగా చూస్తే ఏమీ తెలియదు, డైమెన్షన్ వారీగా చూడండి. కొన్ని 0.001 దగ్గరుండి మిగతావి 1, 2 నాట్లు ఉంటే కంగారు అక్కర్లేదు, మోడల్‌కి అన్ని డైమెన్షన్లు అవసరం లేదంతే. అన్నీ సున్నా దగ్గరుంటే అది పోస్టీరియర్ కొలాప్స్. డీకోడర్ మరీ బలమైనదైతే, ముఖ్యంగా పదం తర్వాత పదం రాసే రకమైతే, కూడికలు సరిగ్గా ఉన్నా ఇది జరుగుతుంది. అప్పుడు కేఎల్ బరువుని 0 నుంచి 1 కి మెల్లగా పెంచే వార్మప్, లేదా ఒక్కో డైమెన్షన్‌కీ ఇన్ని నాట్ల వరకు శిక్ష లేదు అని వదిలేసే ఫ్రీ బిట్స్ పద్ధతి పనికొస్తాయి. వార్మప్ ఒక్కటే పెడితే బరువు 1 కి చేరాక మళ్లీ పడిపోవడం కూడా చూశాను, కాబట్టి ట్రైనింగ్ చివరిదాకా ఆ అంకెల మీద కన్నేసి ఉంచండి.

## లాస్, కోడ్ దగ్గర

క్లాసిఫికేషన్‌లో క్రాస్ ఎంట్రపీ వాడతాం కదా, కేఎల్ ఎక్కడుంది?

అందులోనే ఉంది. క్రాస్ ఎంట్రపీ = P ఎంట్రపీ + KL(P‖Q). లేబుళ్లు P, మోడల్ Q. P ఎంట్రపీ మోడల్ చేతిలో లేదు కాబట్టి గ్రేడియెంట్లు రెంటికీ ఒకటే. లేబుల్ ఒకే క్లాస్‌కి 1, మిగతా వాటికి 0 అయితే ఎంట్రపీ సున్నా, రెండు అంకెలూ ఒకటే.

తేడా కనపడేది లేబుల్ స్మూతింగ్ పెట్టినప్పుడు. 10 క్లాసులు, స్మూతింగ్ 0.1 అయితే సరైన క్లాస్‌కి 0.91, మిగతా తొమ్మిదింటికీ 0.01 చొప్పున, ఆ లేబుళ్ల ఎంట్రపీయే 0.50 నాట్లు. కాబట్టి లాస్ 0.5 దగ్గర ఆగిపోయిందని లెర్నింగ్ రేట్ మార్చుకుంటూ కూర్చోకండి, అంతకంటే కిందకి దిగడం గణితపరంగానే కుదరదు.

పైటార్చ్‌లో `F.kl_div` నెగెటివ్ ఇస్తోంది. ఎలా సాధ్యం?

మొదటి ఆర్గ్యుమెంట్‌గా ప్రాబబిలిటీలు ఇచ్చుంటారు. అది లాగ్ ప్రాబబిలిటీలు అడుగుతుంది. లాగ్ లేకుండా ఇస్తే అది చేసే లెక్క p·(log p − q) అవుతుంది, అందులో రెండు ముక్కలూ కిందకే లాగుతాయి, నెగెటివ్ రాక తప్పదు.

```python
log_q = F.log_softmax(logits, dim=-1)
loss = F.kl_div(log_q, p, reduction="batchmean")   # KL(p‖q)
```

వరస కూడా తిరగేసి ఉంటుంది చూడండి: ముందు మోడల్, తర్వాత టార్గెట్, కానీ వచ్చేది KL(టార్గెట్‖మోడల్). ఇంకోటి, `reduction` ఏమీ ఇవ్వకపోతే అది `mean` తీసుకుని బ్యాచ్‌తో పాటు క్లాసుల సంఖ్యతో కూడా భాగిస్తుంది. 10 క్లాసులుంటే అసలు కేఎల్‌లో పదో వంతే కనపడుతుంది. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే రెండు వైపులా ఒకే డిస్ట్రిబ్యూషన్ ఇచ్చి సున్నా వస్తుందేమో చూసి, తర్వాత చేతితో లెక్కించిన ఒక జతని ఇచ్చి పోల్చండి.

లాంగ్వేజ్ మోడల్స్‌కి రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ చేసేటప్పుడు పెట్టే కేఎల్ పెనాల్టీ ఏ దిక్కు? అది కూడా ఒక్కోసారి నెగెటివ్ వస్తోంది.

మామూలుగా KL(π‖π_ref). శాంపిళ్లు రాస్తున్నది ఇప్పుడు ట్రైన్ అవుతున్న మోడల్ π, కాబట్టి సగటు దానిదే, ఇది రివర్స్ రకం. పాత మోడల్ ఎప్పుడూ రాయని తరహా వాక్యాలు రాస్తే గట్టి శిక్ష. పాత మోడల్ రాసే రకరకాల జవాబుల్లో కొన్నిటిని వదిలేసి ఒకే ధోరణికి ముడుచుకుంటే శిక్ష తక్కువ. ట్రైనింగ్ అయ్యాక జవాబుల్లో వైవిధ్యం తగ్గడానికి రివార్డుతో పాటు ఈ దిక్కుకి కూడా భాగం ఉంది.

నెగెటివ్ విషయానికొస్తే, అక్కడ మీరు చూస్తున్నది పూర్తి కేఎల్ కాదు, కొన్ని శాంపిళ్ల మీద log π − log π_ref సగటు. ఒక్కో శాంపిల్ దగ్గర అది నెగెటివ్ కావచ్చు, బ్యాచ్ చిన్నదైతే సగటు కూడా కావచ్చు. r = π_ref/π అనుకుని (r − 1) − log r సగటు తీస్తే ప్రతి శాంపిల్ దగ్గరా సున్నా లేదా పైనే ఉంటుంది, చాలాసార్లు ఊగిసలాట కూడా తక్కువ. ఇది వాడినా వాడకపోయినా, మొదటి సగటు పెద్ద బ్యాచ్‌లో కూడా స్థిరంగా నెగెటివ్‌గానే ఉంటే మాత్రం శాంపిళ్లు π నుంచి రావట్లేదన్నమాట: జనరేట్ చేసిన వెర్షన్, లాగ్ ప్రాబబిలిటీ లెక్కించిన వెర్షన్ వేరు కావచ్చు, లేదా ఒకచోట టెంపరేచర్ పెట్టి ఇంకోచోట మర్చిపోయుండొచ్చు.